పావుగంట బఫర్లు నాలుగు వద్దు, ముప్పావుగంటది ఒకటి చాలు

ఒడిశాలోని రాయగడలో ఇంటి దగ్గరే ఉండి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదువుతున్నాను. ఏడాదికి పైగా నా రోజంతా ఫోన్‌లోని గూగుల్ క్యాలెండర్ మీదే, ఒక్కో పనికి ఒక్కో టైము గడి పెట్టుకుని నడుస్తోంది. గడులు ఎలా గీయాలో, ఏ సబ్జెక్టుకు ఏ రంగు పెట్టాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. ఇక్కడ చెప్పేది ఉదయం 10:00 నుంచి 10:45 వరకు ఏమీ రాయకుండా ఉంచే గడి గురించి. ఇన్నాళ్లూ ఈ పద్ధతిని మానకుండా ఉండటానికి కారణం అదే.

ఆ వీడియోల్లో చెప్పినట్టు మొదట్లో ప్రతి గడి తర్వాతా 15 నిమిషాల బఫర్, అంటే పని ఆలస్యమైతే సర్దుకోవడానికి ఖాళీ, ఉండేది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పనులన్నీ ఒకేలా ఆలస్యం కావు. కరెంట్ అఫైర్స్ రివిజన్ అనుకున్న టైముకే అయిపోతుంది, దాని పక్కనున్న పావుగంట ఫోన్ చూడటానికే పోతుంది. మాక్ టెస్ట్ తర్వాత తప్పుల విశ్లేషణ మాత్రం ఒక్కోసారి ముప్పావుగంట ఎక్కువ తింటుంది. దానికి పావుగంట ఏ మూలకి?

ఒక రోజు లెక్క చెప్తాను. 7:30కి మాక్, అది 60 నిమిషాలు. పది నిమిషాల విరామం తర్వాత 8:40 నుంచి 10:00 వరకు విశ్లేషణ. తర్వాత ఖాళీ గడి, 10:45కి మ్యాథ్స్. ఆ రోజు టెస్ట్ పేజీ ఎంతకీ తెరుచుకోక 8:00కి మొదలైంది, 9:00కి అయింది. 9:10కి విశ్లేషణకి కూర్చుంటే ప్లాన్ ప్రకారమే 10:30 అవ్వాలి. జామెట్రీలో రెండు లెక్కలు ఎక్కడ తప్పాయో తేలక ఇంకో పావుగంట పట్టింది. ముగిసేసరికి సరిగ్గా 10:45. మ్యాథ్స్ టైముకే మొదలైంది!

ఇదే పాత పద్ధతిలో అయితే 45 నిమిషాల ఆలస్యంలో మొదటి బఫర్ 15 మింగుతుంది. మ్యాథ్స్ 30 నిమిషాలు లేటు. దాని తర్వాతది 15 లేటు. అంతా సర్దుకునేసరికి మూడు బఫర్లు అయిపోయి, భోజనం కూడా దాటిపోతుంది. అసలు చికాకు ఆ నిమిషాలతో కాదు. కూర్చున్న ప్రతిసారీ లేటుగానే మొదలుపెడుతున్నామనే టెన్షన్‌తో. అందుకే ఆ పావుగంటలన్నీ తీసేసి, ఎక్కువగా సాగే పని వెనకాల ఒకే పెద్ద గడి పెట్టాను. సాయంత్రం చదువు చివర ఇంకోటి, అరగంటది.

ఇంత పొగిడాక ఒక మాట. ఖాళీ ఉందని ముందే తెలిస్తే పని దానంతట అదే సాగుతుంది. విశ్లేషణ గంటా ఇరవై నిమిషాల్లో అయ్యే రోజుల్లోనూ ‘ఇంకా ముప్పావుగంట ఉందిగా’ అని చేయి నెమ్మదిస్తుంది. 10:00కి అలారం పెట్టుకుని, మిగిలిన తప్పుల నంబర్లు కాగితం మీద రాసుకున్నాకే బఫర్‌లోకి వెళ్తాను. దీంతో కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఇంకోటి, ఏ గడి ఎందుకు సాగుతోందో బఫర్ చెప్పదు. నాది ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో తెలుగు. రాష్ట్ర పరీక్షలు కూడా రాద్దామని రోజూ 30 నిమిషాలు ఒడియా వ్యాసం పెట్టుకున్నాను. అది రోజూ 50కి పోయేది, సాయంత్రం బఫర్ చాలావరకు దానికే ఖర్చయ్యేది. అప్పుడప్పుడు సాగే పనికి బఫర్ సరిపోతుంది. వారంలో మూడు నాలుగు రోజులు ఒకే గడి దాటుతోందంటే అంచనాయే తక్కువని అర్థం, ఆ గడినే పెంచాలి. ఒడియాకి ఇప్పుడు 50 ఇచ్చాను, వ్యాసాలు రోజు విడిచి రోజు రాస్తున్నాను.

ఇది తెలియాలంటే అసలు పట్టిన టైము ఎక్కడో ఉండాలి. పని అయ్యాక గడి అడుగు అంచు పట్టుకుని నిజంగా ముగిసిన టైము దాకా లాగుతాను. అలా లాగితే పాత ప్లాన్ చెరిగిపోతుంది కాబట్టి గడి పేరులోనే ‘మ్యాథ్స్ 90’ అని ముందే రాసుకుంటాను. రోజూ వచ్చే గడిని కదిపితే యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది, అక్కడ This event నొక్కాలి. All events నొక్కితే మిగతా రోజులన్నీ మారిపోతాయి.

పార్వతీపురం నుంచి పెద్దమ్మ వాళ్లు దిగితే మాత్రం ఏ బఫరూ ఆగదు. ఆ రోజు ఉదయం మాక్ ఒక్కటి ఉంచి, మిగతావన్నీ తీసేస్తాను.

రోజంతా ఇంట్లో ఉండే వెసులుబాటు ఉంది కాబట్టి నాకిది కుదిరింది. మా బాబాయి కొడుకు పగలంతా షాపులో కూర్చుంటాడు, వాడికి రాత్రి రెండు గంటలే దొరుకుతాయి. అందులో ముప్పావుగంట ఖాళీగా వదలమంటే నన్ను తిడతాడు. వాడు చివర పావుగంట మాత్రం వదిలి చూస్తున్నాడు, ఇంకా ఏమీ తేల్చలేదు.