శనగపిండి లడ్డూ: సున్నుండల పద్ధతి మేలా, నేతిలో వేయించడం మేలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో శనగపిండి లడ్డూను రెండు దారుల్లో చేయవచ్చు. సున్నుండలు చేసి చేయి తిరిగినవారు పచ్చిశనగపప్పును నెయ్యి లేకుండా దోరగా వేయించి, మర పట్టించి, అందులో పంచదార పొడి కలిపి, కాగిన నెయ్యి కొద్దికొద్దిగా పోసుకుంటూ ఉండలు కడతారు. రెండో దారిలో పచ్చి శనగపిండినే నేతిలో వేసి, రంగు మారేవరకు పొయ్యి దగ్గర నిలబడి వేయిస్తారు. దినుసులు రెండింటిలోనూ అవే అయినా వాసనలోనూ, ఉండ నిలవడంలోనూ తేడా వస్తుంది. పిండికి నెయ్యి తగిలేది పొయ్యి మీదా, పొయ్యి దించాకా అన్నదే ఆ తేడాకు మూలం.

సున్నుండల పద్ధతి మినప్పప్పుకు కుదిరినంత సులువుగా శనగపప్పుకు కుదరదు. మినప్పప్పు చిన్నది కనుక సన్నని సెగకే లోపలిదాకా వేగుతుంది. శనగపప్పు మందంగా, గట్టిగా ఉండటం వల్ల పైన ఎర్రబడినా నడుమ పచ్చిగా మిగిలిపోతుంది, తొందరపడి మంట పెంచితే మచ్చలు పడి మాడు వాసన వస్తుంది. కంటికి కనిపించే రంగును నమ్మకుండా, ఒక బద్దను చల్లార్చి కొరికి చూడాలి. పటుక్కున విరిగి, విరిగినచోట కూడా పైరంగుకు దగ్గరగా ఉంటే వేగినట్టు. లోపల లేత పసుపుగా ఉండి పంటికి పచ్చి పప్పులా తగిలితే ఇంకా వేగాలి. ఇలా చేసిన లడ్డూకు మంచి వాసనే వస్తుంది కానీ అది పుట్నాల వాసనకు దగ్గరగా ఉంటుంది. నేతిలో వేగిన శనగపిండికి వచ్చే కమ్మదనం వేరు, ఆ రెండూ ఒకటేనని నేను ఒప్పుకోను.

ఈ పద్ధతిలో ఉండ కట్టడంలోనూ ఒక చిక్కుంది. కాగిన నెయ్యి పోసి కలపగానే పిండి చేతికి చక్కగా ముద్దవుతుంది, కానీ పొడి పిండి నేతిని పీల్చుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. పోసిన వెంటనే ఉండలు కట్టేస్తే సాయంత్రానికి పైన బీటలు కనిపిస్తాయి, మర్నాడు డబ్బాలో అడుగున పొడి రాలుతుంది. అందుకే నెయ్యి కలిపాక మూతపెట్టి అరగంట ఆగి, మళ్లీ పిడికిట్లో నొక్కి చూసి, అవసరమైతే మరో చెంచా కాచిన నెయ్యి కలిపి అప్పుడు కట్టాలి.

నేతిలో వేయించే పద్ధతికి అరకిలో పిండిని తీసుకుందాం. పావుకిలో నెయ్యి, 400 గ్రాముల పంచదార పొడి సరిపోతాయి. నెయ్యిలో 200 గ్రాములు మాత్రం అడుగు మందంగా ఉన్న మూకుడులో కరిగించి, మిగిలినది పక్కన ఉంచుకోవాలి. పిండి వేయగానే అది గడ్డగా, బరువుగా గరిటెకు అడ్డం పడుతుంది, నెయ్యి చాలలేదనే అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మరో గరిటెడు నెయ్యి పోసేస్తారు, చివరికి లడ్డూలు పళ్లెంలో చదునుగా కూర్చుండిపోవడానికి కారణం ఆ గరిటెడే. సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉంటే పావుగంట దాటాక ఆ ముద్ద దానంతట అదే వదులవుతుంది, పీల్చుకున్న నేతిని మళ్లీ విడిచి నిగనిగలాడుతుంది, గరిటె తేలిగ్గా తిరుగుతుంది. అయినా అప్పటికి సగమే వేగినట్టు. పచ్చి వాసన పూర్తిగా పోయి, నురుగు తేలి, పిండి తేనెరంగుకు తిరిగి, వాసన పక్క గదిలోకి చేరేసరికి మొత్తం అరగంట పైనే పడుతుంది.

ఆ దశలో పెద్ద చెంచాడు నీళ్లు చిలకరిస్తే పిండి ఒక్కసారిగా బుసబుసమని పొంగి, చల్లారాక నాలుకకు సన్నని పలుకు తగులుతుంది. ఆవిరి చేతిని కాల్చగలదు కనుక మూకుడుకు కాస్త దూరంగా నిలబడి చల్లాలి, ఆ చెమ్మ పూర్తిగా ఇగిరేవరకు వేయించాలి. నీళ్ల బదులు పాలు చల్లేవారూ ఉన్నారు కానీ వాటివల్ల నిల్వ తగ్గుతుంది. పొయ్యి కట్టేసిన వెంటనే పిండిని వెడల్పాటి పళ్లెంలోకి మార్చడం మరువకూడదు. మందపాటి మూకుడు వేడిని పట్టి ఉంచుతుంది కనుక అందులోనే వదిలేస్తే సరిగ్గా వేగిన పిండి కూడా చేదెక్కుతుంది.

పంచదార ఎప్పుడు కలపాలన్నది ఉండ కుదరడానికి అసలు కీలకం. పిండి కాలుతుండగా కలిపితే పంచదార కరిగి మొత్తం జారుడవుతుంది, చల్లారాక రాయిలా బిగుస్తుంది. పూర్తిగా ఆరాక కలిపితే పిండి పొడిపొడిగా ఉండి పిడికిట్లో నిలవదు. పిండిలో వేలు పెట్టి ఉంచగలిగినంత గోరువెచ్చదనం వచ్చాక పంచదార, ఏలకుల పొడి వేసి అరచేతితో రుద్ది కలపాలి. గుప్పెడు తీసి నొక్కితే వేళ్ల ముద్ర నిలవాలి, బొటనవేలితో తడితే పెద్ద పెళ్లలుగా విరగాలి. పొడిగా రాలితే పక్కన ఉంచిన నేతిని కరిగించి చెంచా చొప్పున కలపాలి.

ఈ ఉండను పట్టి ఉంచేది పంచదార కాదు, పేరుకునే నెయ్యి. కాబట్టి కాలాన్ని బట్టి కొలత మారుతుంది. నెల్లూరు వైపు దీపావళి వానల రోజుల్లో వస్తుంది, నెయ్యి త్వరగా పేరుకుని లడ్డూ గట్టిపడుతుంది. అప్పుడు చెమ్మకు పంచదార పొడి గడ్డకడుతుంది కనుక అప్పటికప్పుడు పొడి చేసి జల్లించుకోవాలి. ఎండాకాలంలో వంటింట్లో నెయ్యి పేరుకోనే పేరుకోదు. ఆ రోజుల్లో అరకిలో పిండికి 200 గ్రాములతోనే ఆపి, జారుడుగా ఉంటే ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచి కట్టడం మంచిది. గేదె నెయ్యి ఆవు నెయ్యి కంటే గట్టిగా పేరుకుంటుంది కనుక వేసవిలో నేను దానికే మొగ్గుతాను. జారుడును సరిచేయడానికి పచ్చి పిండి కలపడం మాత్రం ఎన్నడూ తగదు, అంతవరకూ తెచ్చుకున్న వాసన అంతా పోతుంది. తప్పకపోతే రెండు చెంచాల పిండిని విడిగా వేయించి కలపాలి.

పిండి విషయంలో రెండు మాటలు చెబితే చాలు. ప్యాకెట్లలో దొరికే మెత్తని పిండి అంగిలికి అంటుకుంటుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే శనగలకు కరువు లేదు కనుక పప్పు కొని, కాస్త బరకగా మర పట్టించుకోవడం మేలు. మనకంటే ముందు ఆ మరలో ఏ పిండి పట్టారో అడిగి తెలుసుకోవాలి, జొన్నలో, బియ్యమో పట్టి ఉంటే మొదట వచ్చే గుప్పెడు పిండిని పక్కన పెట్టేయాలి. ప్యాకెట్ పిండే గతి అయితే అరకిలోకు రెండు చెంచాల బొంబాయి రవ్వ చేర్చి వేయిస్తే కొంత పలుకు వస్తుంది.

ఇంటి మటుకు అరకిలో, కిలో చేసేటప్పుడు నేతిలో వేయించడమే నా ఓటు. పిండిలోని ప్రతి రేణువు చుట్టూ నెయ్యి చేరి వేడిని సమంగా అందించడం వల్ల వాసన నిండుగా వస్తుంది, నెయ్యి కొలత పొయ్యి మీదే తేలిపోవడం వల్ల మర్నాడు బీటలు పడవు. అమ్మాయి సారెకో, పెళ్లికో పది కిలోలు చేయాలంటే మాత్రం అంత పిండిని ఒక్క మూకుడులో అడుగంటకుండా తిప్పడం చేతులకు మించిన పని. అక్కడ పప్పును వాయిలుగా వేయించి మర పట్టించే సున్నుండల పద్ధతే నడుస్తుంది, ఒక్కో వాయి నుంచి రెండు బద్దలు కొరికి చూసే ఓపిక ఉంటే చాలు.