ఎనిమిది అడుగుల కిటికీ, మూడు బ్రాకెట్ల కర్టెన్ రాడ్: కొన్నేళ్లు వాడాక

మా హాల్లో కిటికీ వెడల్పు ఎనిమిది అడుగులు. దానికి అంగుళం లావు స్టీల్ రాడ్, మూడు బ్రాకెట్లు పెట్టించి కొన్నేళ్లయింది. బరువైన పరదాలే, రోజూ రెండు పూటలా లాగుతాం. అయినా రాడ్ వంగలేదు. ఆ మార్కులు రాడ్‌కి కాదు, మధ్య బ్రాకెట్‌కే వేస్తాను.

కొలతలు ఇలా తీసుకున్నాం. ఫ్రేమ్ 96 అంగుళాలు. అటూ ఇటూ 5 అంగుళాలు వదిలితే చివరి బ్రాకెట్ల మధ్య దూరం 106. మధ్యది సరిగ్గా 53 దగ్గర. రాడ్‌ను మాత్రం 110కి కోయించాం, ఎందుకంటే పరదా చివరి రింగు బ్రాకెట్‌కి బయట ఉండాలి. అప్పుడే పరదా లాగినా ఆ అంచు కదలకుండా గోడ పక్కనే ఉంటుంది.

ఆధారాల మధ్య దూరం సగమైతే, పరదా బరువుకి రాడ్ కుంగడం సగం కాదు, పదహారో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అందుకే లావుపాటి రాడ్‌కి డబ్బు పోయడంకన్నా ఇంకో బ్రాకెట్ కొనడం మేలు. ఒక మెలిక ఉంది: మూడూ ఒకే మట్టంలో ఉంటే మొత్తం బరువులో అరవై శాతానికి పైగా మధ్య బ్రాకెట్‌ మీదే పడుతుంది. కాబట్టి దానికి నాసిరకం స్క్రూ వేయకూడదు. మాకు అక్కడ కాంక్రీట్ లింటెల్ తగిలింది. మామూలు డ్రిల్లు లోపలికి దిగదు, హామర్ డ్రిల్లు కావాలి. ఊచ తగిలితే మొండికేయకుండా అంగుళం పక్కకి జరగడమే.

అసలు తంటా మట్టంతోనే. ముందు చివరి రెండు బ్రాకెట్లు రసమట్టం చూసి బిగించి, వాటి మధ్య దారం బిగుతుగా కట్టి, ఆ దారాన్ని బట్టి మధ్యది గుర్తు పెట్టాలి. గోడ ప్లాస్టరింగ్ మధ్యలో లోపలికి ఉంటే బ్రాకెట్ వెనక వాషర్ వేస్తే సరిపోతుంది. పరదాలు వేలాడదీశాక రాడ్‌కీ మధ్య బ్రాకెట్‌కీ నడుమ ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. అది సులువుగా జారితే బ్రాకెట్ కిందికి ఉందన్నమాట, ఊరికే అలంకారం. చివర్లలో రాడ్ లేచి టకటకలాడితే మధ్యది ఎత్తయింది.

పొడవు పెంచే టెలిస్కోపిక్ రాడ్ అయితే ఇంకో జాగ్రత్త. రెండు పైపులు కలిసే చోటే ముందు వంగుతుంది, కాబట్టి మధ్య బ్రాకెట్ ఆ అతుకుకి దగ్గరగా, లావు పైపు కింద పడాలి. సన్న పైపు కింద పెడితే గాడిలో వదులుగా ఊగుతుంది.

లోటు ఒకటే. ఐలెట్ రింగులు మధ్య బ్రాకెట్ దాటవు. రెండు పరదాలు చెరో పక్కకీ పోతాయి కనుక మాకు ఇబ్బంది లేదు. ఒకే పరదా ఈ చివర నుంచి ఆ చివరకు లాగాలనుకునేవాళ్లు రాడ్ జోలికి పోకుండా సీలింగ్ ట్రాక్ వేయించుకోవాలి.