మిఠాయి దుకాణంలో దీపావళి అంచనాకు మూవింగ్ యావరేజ్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విజయవాడలోని మా మిఠాయి దుకాణంలో దీపావళికి ఎన్ని కిలోల సరుకు చేయించాలి, దానికి ఎంత నెయ్యి, ఎంత జీడిపప్పు తెప్పించాలి అన్న నిర్ణయాన్ని 2022 నాటి బిల్లులు మొదలుకొని ఒక సులువైన పద్ధతిలో లెక్కగడుతున్నాము. పండుగకు ముందు కొన్ని వారాల అమ్మకాల సగటు, అంటే మూవింగ్ యావరేజ్, తీసుకోవడం, పాత సంవత్సరాల్లో పండుగ వారం ఆ సగటుకు ఎన్ని రెట్లు పలికిందో చూడడం, ఈ ఏటి సగటును ఆ రెట్లతో హెచ్చించడం, ఇంతే ఈ పద్ధతి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర లేదు. బిల్లింగ్ యంత్రం నుంచి రోజువారీ అమ్మకాలను ఎక్సెల్‌లోకి దింపుకోగలిగితే చాలు. అయితే లెక్క సులువైనంత మాత్రాన దాన్ని ఎక్కడ పడితే అక్కడ వేయకూడదని వాడేకొద్దీ నాకు బాగా అర్థమైంది, అందుకే ఇది నిలబడే చోటును, తప్పుదోవ పట్టించే చోటును వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది తేదీల సంగతి. సంక్రాంతి సౌరమానం ప్రకారం వచ్చేది కాబట్టి ఏటా జనవరి 14 లేదా 15నే ఉంటుంది, దానికి ఇంగ్లిష్ నెలల లెక్క సరిపోతుంది. దీపావళి చాంద్రమానం ప్రకారం ఆశ్వయుజ అమావాస్య నాడు వస్తుంది. అది 2022లో అక్టోబర్ 24న, 2023లో నవంబర్ 12న, 2024లో అక్టోబర్ 31న, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. 2023లో అధిక శ్రావణం వచ్చినందువల్ల పండుగ అంత వెనక్కి జరిగింది. 2022 అక్టోబర్‌లో దసరా, దీపావళి రెండూ ఉన్నాయి, 2023 అక్టోబర్‌లో దసరా ఒక్కటే ఉంది. ఈ రెండు నెలలను పక్కపక్కన పెట్టి చూసినవారికి వ్యాపారం పడిపోయినట్టు కనిపిస్తుంది, మరుసటి ఏడు అదే లెక్క విపరీతమైన వృద్ధిని చూపిస్తుంది. నిజానికి ఆ రెంటిలో ఏదీ జరగలేదు. 2026లో అధిక జ్యేష్ఠం ఉండడంతో దీపావళి మళ్లీ నవంబర్ 8కి వెళ్తుంది కనుక ఇదే చిక్కు మరోసారి ఎదురవుతుంది.

అందుచేత మేము ప్రతి బిల్లు తేదీ పక్కన ‘దీపావళికి ఇంకా ఎన్ని రోజులు’ అన్న అంకెను వేసుకుంటాము. పండుగ రోజు సున్నా, దానికి ముందు రోజు −1. సగటు కోసం −41 నుంచి −14 వరకు ఉన్న 28 రోజులను తీసుకుంటాము. 30 కాక 28 ఎందుకంటే, అందులో ఆదివారం నుంచి శనివారం వరకు ప్రతి రోజూ సరిగ్గా నాలుగుసార్లు వస్తుంది. 30 రోజులు తీసుకుంటే ఒక ఏడు అయిదు ఆదివారాలు, మరో ఏడు నాలుగే పడి, ఆదివారాల రద్దీ వృద్ధిగా కనిపించే ప్రమాదం ఉంటుంది. −14 దగ్గర ఆపడానికి కారణం వంటశాల. నెయ్యి, జీడిపప్పు చెప్పుకోవడానికి, అదనపు వంటవాళ్లను మాట్లాడుకోవడానికి మాకు రెండు వారాల గడువు కావాలి.

ఈ 28 రోజుల్లో మహాలయ పక్షాల చివరి రోజులు, దేవీ నవరాత్రులు, దసరా దాటాక కొన్ని మామూలు రోజులు ఉంటాయి. పితృపక్షంలో శుభకార్యాలు ఉండవు కాబట్టి మిఠాయిల అమ్మకం మందగిస్తుంది, నవరాత్రుల్లో పుంజుకుంటుంది. ఇలా ఎగుడుదిగుడుగా ఉన్న కాలానికి సగటు తీయడమేమిటని మొదట అనిపించవచ్చు. కానీ దసరాకూ దీపావళికీ మధ్య ఎడం ఏ ఏడైనా 18 నుంచి 20 రోజులే కాబట్టి, రోజులను దీపావళి నుంచి వెనక్కి లెక్కించినంత వరకు ఈ ఎగుడుదిగుడులు ప్రతి సంవత్సరమూ ఇంచుమించు ఒకే చోట పడతాయి. మనకు కావలసినది ప్రశాంతమైన కాలం కాదు, ఏటా ఒకే తీరుగా ఉండే కాలం.

ఎక్సెల్‌లో A నిలువు వరుసలో రోజుకు ఒకటి చొప్పున తేదీలు, C నిలువు వరుసలో ఆ రోజు అమ్మిన మొత్తం కిలోలు, H1 గడిలో ఆ ఏటి దీపావళి తేదీ పెట్టుకుని, D నిలువు వరుసలో మొదటి సూత్రాన్ని కిందివరకు లాగి, రెండో దానితో సగటు తీస్తాము. సంవత్సరానికి ఒక షీటు ఉంచుకోవడం మంచిది.

```
=A2-$H$1
=AVERAGEIFS(C:C,D:D,">=-41",D:D,"<=-14")
```

ఇక్కడ కిలోలనే లెక్కించాలని గట్టిగా చెబుతాను. రూపాయల్లో లెక్కిస్తే జీడిపప్పు ధర పెరిగి మనం రేటు పెంచిన ఏడు కూడా గిరాకీ పెరిగినట్టే కనిపిస్తుంది. అలాగే కార్యాలయాల నుంచి వచ్చే పెద్ద ఆర్డర్లను ఈ సగటులోకి రానివ్వకూడదు. ఒకే సంస్థ వందల పెట్టెలు తీసుకున్న రోజు సగటును పైకి లాగేస్తుంది, ఆ సంస్థ మరుసటి ఏడు వేరే చోట కొంటే సగటు చెప్పినదంతా తప్పిపోతుంది. ఆ ఖాతాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి కాబట్టి వారికి ఫోన్ చేసి అడిగి తెలుసుకోవడమే సరైన అంచనా.

ఇప్పుడు మా లెక్కనే ఉదాహరణగా చూపిస్తాను. అంకెలను సులువు కోసం గుండ్రం చేశాను. కౌంటర్ అమ్మకాల 28 రోజుల సగటు 2022లో రోజుకు 80 కిలోలు, 2023లో 90 కిలోలు. పండుగ వారంలో, అంటే −6 నుంచి పండుగ రోజు వరకు, 2022లో రోజుకు సగటున 320 కిలోలు, 2023లో 378 కిలోలు పోయాయి. సగటుకు ఇవి వరుసగా 4 రెట్లు, 4.2 రెట్లు. ఈ రెట్లనే గుణకం అంటున్నాను. 2024లో సగటు 72 కిలోలకు తగ్గింది, పండుగ వారం రోజుకు 360 కిలోలు అమ్మాము కాబట్టి గుణకం 5 రెట్లు అయింది. 2025లో సగటు 108 కిలోలు వచ్చింది.

గుణకాన్ని వాడితే వృద్ధి దానంతట అదే లెక్కలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే ఈ ఏటి 108లోనే పెరుగుదల ఇమిడి ఉంది. లేదా నిరుటి పండుగ అమ్మకాన్ని తీసుకుని రెండేళ్ల సగటుల నిష్పత్తితో పెంచవచ్చు. ఒకే పాత ఏటిని ఆధారంగా తీసుకుంటే ఈ రెండు దారులూ ఒకే జవాబు ఇస్తాయి. చాలామంది గుణకంతో హెచ్చించాక, ‘ఈ ఏడు వ్యాపారం 20 శాతం పెరిగింది కదా’ అని మళ్లీ 1.2తో హెచ్చిస్తారు. అప్పుడు పెరుగుదల రెండుసార్లు పడి, సరుకు అయిదో వంతు ఎక్కువ తయారవుతుంది. ఈ పద్ధతిలో నేను చూసిన తప్పులన్నిటిలోనూ ఎక్కువ ఖర్చు తెచ్చేది ఇదే, పైగా జవాబు నమ్మదగినదిగానే కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం కష్టం.

ఇక 2024 సంగతి. ఆ సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. మా 28 రోజుల లెక్క సెప్టెంబర్ 20న మొదలయ్యేనాటికి నీళ్లు తీసేసినా, ఇళ్లు బాగుచేసుకుంటున్న కుటుంబాలు మిఠాయిల మీద ఖర్చు చేసే స్థితిలో లేవు. పండుగ నాటికి కొంత కోలుకున్నాయి. సగటు పడిపోవడం, పండుగ అమ్మకం అంతగా పడకపోవడం వల్ల గుణకం 5కు ఎగబాకింది, ప్రజల అలవాటు మారి కాదు. దీన్ని పట్టించుకోకుండా 2025కు నిరుటి మీద వృద్ధి కడితే 108ని 72తో భాగించి ఒకటిన్నర రెట్లు వస్తుంది. నిరుటి పండుగ వారం మొత్తం 2,520 కిలోలను ఒకటిన్నరతో హెచ్చిస్తే 3,780 కిలోలు చేయించాలని లెక్క చెబుతుంది.

అందుకే వరద ఏటిని పక్కన పెట్టి 2023తో పోల్చాము. 108ని 90తో భాగిస్తే 1.2, అది రెండేళ్ల పెరుగుదల. 2023 పండుగ వారం 2,646 కిలోలను దానితో హెచ్చిస్తే 3,175 వస్తుంది. రెండు మామూలు సంవత్సరాల గుణకాల సగటు 4.1తో వేరే దారిలో కట్టినా వారానికి 3,100 దగ్గరకే చేరింది. ఆ ఏడు నిజంగా అమ్మినది 3,040 కిలోల చుట్టుపక్కల ఉంది. ఒక ఏటి గుణకం మిగతావాటికి దూరంగా కనిపిస్తే, పండుగ వారాన్ని కాక ముందు సగటును అనుమానించి అందులో ఏమి జరిగిందో వెతకాలి. కారణం చెప్పగలిగితేనే ఆ ఏటిని తీసేయాలి, అంకె నచ్చలేదని కాదు.

పద్ధతికి ఉన్న పెద్ద లోపం, బిల్లుల్లో కనిపించేది మనం అమ్మినది మాత్రమే, జనం అడిగినది కాదు. పండుగ ముందు రోజు సాయంత్రం నాలుగింటికి కాజు కత్లీ అయిపోతే, ఆ తర్వాత తిరిగి వెళ్లినవారి లెక్క ఎక్కడా ఉండదు. ఏటా అలా అయిపోతూ ఉంటే అంచనా ఏటా తక్కువగానే వస్తూ ఉంటుంది. దీన్ని గుర్తించడానికి బిల్లు మీది సమయం పనికొస్తుంది. రద్దీ తగ్గకముందే ఒక రకం బిల్లులు హఠాత్తుగా ఆగిపోతే సరుకు అయిపోయిందని అర్థం. సరుకు మిగిలిన సంవత్సరాల్లో ఆ గంటకు రోజు అమ్మకంలో ఎంత భాగం పూర్తయ్యేదో చూసి సరిచేయవచ్చు. నాలుగింటికి 60 శాతం పూర్తయ్యే అలవాటు ఉండి, 90 కిలోలు పోయి ఆగిపోతే, అసలు గిరాకీ 150 కిలోలని తీసుకుంటాము. కాజు కత్లీ దొరకక మైసూర్‌పాక్ కొన్నవారు కూడా ఉంటారు కనుక, ఈ సవరణను మొత్తం కిలోలకు పూర్తిగా కలపకుండా ఆ రకానికే పరిమితం చేయడం మంచిది.

రకాల వారీగా విడివిడిగా సగటులు తీయడం నాకు నప్పలేదు. తక్కువ పోయే రకాల అంకెలు ఏటికేడు ఊగిసలాడతాయి. మొత్తాన్ని ముందు అంచనా వేసి, గత పండుగ వారంలో ఒక్కో రకం పొందిన వాటా ప్రకారం పంచితే నిలకడగా ఉంటుంది. ఈ పంపకం దగ్గర మాత్రం లెక్కను మా అనుభవంతో కలుపుతాము. కలాకండ్, పాలకోవా వంటివి రెండు మూడు రోజులకు మించి నిలవవు కాబట్టి వాటికి తక్కువ అంచనాను తీసుకుని, పాలు అదనంగా చెప్పి ఉంచి, అమ్మకం చూసుకుంటూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయిస్తాము. మైసూర్‌పాక్, బూందీ లడ్డు, కాజు కత్లీ పండుగ దాటాక కూడా కొన్ని రోజులు అమ్ముకోగలిగినవి కాబట్టి వాటికి ఎక్కువ అంచనాను తీసుకుంటాము. 3,100కూ 3,175కూ మధ్య ఏది సరైనదని తర్జనభర్జన పడడం కంటే, ఏ రకం మిగిలితే నష్టమో, ఏది మిగిలినా పర్వాలేదో చూసుకోవడం మాకు ఎక్కువ ఉపయోగపడింది.

కనీసం రెండు మామూలు దీపావళుల బిల్లులు లేని దుకాణానికి, కొత్తగా శాఖ తెరిచిన ఏటికి, మొదటిసారి పెట్టే రకానికి ఈ పద్ధతిని నేను సూచించను. కొత్త శాఖ సగటులో ఉన్న పెరుగుదల అక్కడి జనానికి దుకాణం పరిచయమవుతున్నందువల్ల వచ్చినది, పండుగ దాకా అదే వేగం ఉంటుందని 28 రోజుల సగటు చెప్పలేదు. అటువంటి చోట మేము పాత శాఖ గుణకంలో తక్కువదాన్ని, అంటే 4 రెట్లను మాత్రమే తీసుకుని, చాలకపోతే వంటశాల నుంచి రోజుకు రెండుసార్లు ఆటోలో సరుకు పంపే ఏర్పాటు చేసుకుంటాము.