"హలో", "చెప్పండి", "నమస్తే అండీ": క్లినిక్ ఫోన్‌లో ఏ పలకరింపు మేలు?

చిన్న ఊళ్లో పిల్లల డాక్టరు క్లినిక్ అంటే ఒక డాక్టరు, ఒక నర్సు, రిసెప్షన్‌లో ఒకరు. సాయంత్రం ఆరు దాటాక ఓపీ చీటీ రాసేది, టోకెన్ పిలిచేది, బిడ్డ బరువు చూసేది, ఫీజు తీసుకుని చిల్లర ఇచ్చేది అంతా ఆ ఒక్కరే. మధ్యలో ఫోన్ మోగితే ఎత్తేదీ వాళ్లే. అందుకే ఈ క్లినిక్‌ల పలకరింపును కార్పొరేట్ ఆస్పత్రి కాల్ సెంటర్‌తో పోల్చడం న్యాయం కాదు. చేతిలో పెన్ను, ఎదురుగా ఏడుస్తున్న పిల్లవాడు ఉన్న మనిషి ఏమంటే బాగుంటుందన్నదే ఇక్కడి ప్రశ్న. రిసెప్షన్ పని నేర్పేటప్పుడు ఎక్కువగా వినపడేవి నాలుగు రకాలు: ఉత్త "హలో", "ఎవరండీ?", "చెప్పండి", ఇంకా కాగితం మీద రాసిచ్చిన పొడుగాటి పలకరింపు. ఐదోది ఒకటుంది, నా ఓటు దానికే. ముందు ఈ నాలుగింటి సంగతి చూద్దాం.

"హలో" తప్పేమీ కాదు. కాకపోతే అది ఏ పనీ చేయదు. అవతలి తల్లి కూడా "హలో" అంటుంది. తర్వాత "ఫలానా డాక్టర్ గారి హాస్పిటలేనా అండీ?" అని అడుగుతుంది. "ఆఁ". "డాక్టర్ గారున్నారా?" ఇలా నాలుగు మాటలయ్యాక గానీ అసలు విషయం మొదలవదు. ఓపీ రద్దీలో ఫోన్ త్వరగా పెట్టేయాలనే ఉత్త "హలో"తో సరిపెడతారు. తీరా చూస్తే ఆ ఫోనే ఎక్కువసేపు నడుస్తుంది.

"ఎవరండీ?" అనేది ఇంట్లో ఫోన్ ఎత్తే అలవాటు. అందులో పొగరేమీ లేదు, కొత్త నంబర్ నుంచి వస్తే మనమంతా అలాగే అడుగుతాం. కానీ జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఫోన్ చేసిన మనిషికి అది గుమ్మంలోనే ఆపి నిలదీసినట్టు ఉంటుంది. పైగా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు. "నేనండీ, మొన్న బాబుని తీసుకొచ్చాను కదా" అంటుంది. మొన్న వచ్చిన బాబులు ఎంతమందో. పేరు అడగాల్సిందే, అయితే విషయం విన్నాక అడగాలి: "బాబు పేరేంటమ్మా, చీటీ మీద నంబర్ ఉందా?" అంటే సూటిగా చెబుతారు.

"చెప్పండి" ఈ మూడింటిలో నయం. మన దగ్గర ఇది చాలా సహజమైన మాట. "వింటున్నాను, ఇక మీ వంతు" అనే అర్థం అందులోనే ఉంది. లోపం ఒక్కటే, ఎవరు వింటున్నారో తెలియదు. నంబర్ తప్పు నొక్కి మందుల షాపుకో ల్యాబ్‌కో చేసినా అక్కడా "చెప్పండి" అనే అంటారు. పాపం ఆ తల్లి రెండు రోజుల విరేచనాల కథంతా చెప్పి, చివర్లో "ఇది ల్యాబ్ అమ్మా" అనిపించుకుంటుంది.

ఇక నాలుగోది, ఎవరో ట్రైనింగ్‌లో రాసిచ్చింది: "నమస్కారం, ఫలానా చిల్డ్రన్స్ క్లినిక్‌కి స్వాగతం, నేను ఫలానా మాట్లాడుతున్నాను, మీకు ఏ విధంగా సహాయపడగలను?" తీరిగ్గా చదివితే ఏడెనిమిది సెకన్లు పడుతుంది. రద్దీలో మూడు సెకన్లకు కుదించి గడగడా అనేస్తారు. అవతలివాళ్లకు ఒక్క ముక్కా అందదు. రికార్డు వాయిస్ అనుకుని, అది అయిపోవాలని మాట్లాడకుండా ఆగేవాళ్లూ ఉన్నారు. నిజంగానే రికార్డు వాయిస్ పెట్టి "అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కండి" అనిపించే చిన్న క్లినిక్‌లు కూడా వచ్చాయి. ఒక్క డాక్టరున్న చోట ఒకటి నొక్కినా రెండు నొక్కినా ఎత్తేది ఆ ఒక్క మనిషే. ఆ బటన్లు ఎందుకో నాకు అర్థం కాదు.

నేను మేలనేది ఇది: "నమస్తే అండీ, ఫలానా డాక్టర్ గారి క్లినిక్. చెప్పండి." అంతా కలిపి మూడు సెకన్లు.

ఈ వరుసకు కారణం ఉంది. మొబైల్‌లో కాల్ ఎత్తగానే మొదటి అక్షరాలు చాలాసార్లు అవతలికి చేరవు. లైన్ కలిసేలోపే మనం మాట్లాడేస్తాం, లేదా అవతలివాళ్లు ఇంకా ఫోన్‌ను చెవికి ఆనించుకుంటూ ఉంటారు. క్లినిక్ పేరుతో మొదలుపెడితే వినపడకుండా పోయేది ఆ పేరే. "నమస్తే అండీ" ముందుంటే, అది సగం పోయినా నష్టం లేదు, పేరు మాత్రం నిలుస్తుంది. పేరు చెప్పాక ఒక చిన్న విరామం, తర్వాత "చెప్పండి". అక్కడితో ఆపేయాలి.

పేరు విషయంలో ఇంకో మాట. బోర్డు మీద సాధారణంగా దేవుడి పేరో డాక్టర్ గారి అమ్మగారి పేరో ఉంటుంది. ఊళ్లో మాత్రం అందరూ డాక్టరు పేరుతోనో ఇంటిపేరుతోనో పిలుస్తారు. ఆటో ఎక్కి ఏ పేరు చెబితే సరిగ్గా దింపుతారో ఫోన్‌లో ఆ పేరే చెప్పాలి. బోర్డు పేరు చెబితే "కాదండీ, మాకు ఫలానా డాక్టర్ గారు కావాలి" అని పెట్టేసేవాళ్లుంటారు.

పలకరింపు పని చేస్తోందో లేదో తెలుసుకోవడం తేలికే. ఒకరోజు టేబుల్ మీద కాగితం పెట్టి, ఎత్తిన వెంటనే "ఇది ఫలానా క్లినిక్కేనా?" అని అడిగిన ప్రతి కాల్‌కీ ఒక గీత గీస్తే సరి. గీతలు ఎక్కువుంటే పేరు వినపడటం లేదని అర్థం. సాయంత్రం ఏడు తర్వాత గీతలు పెరిగితే కారణం అలసట. గొంతు తగ్గి, మాట నోట్లోనే ఉండిపోతుంది.

"అమ్మా", "సార్", "మేడమ్", "అండీ"లలో ఏది? ఫోన్‌లో వయసు కనపడదు. బొంగురు గొంతున్న ఆవిడను "సార్" అంటే ఆమె నొచ్చుకుంటుంది. లేత గొంతున్న తండ్రిని "మేడమ్" అన్నా అంతే. మొదటి మాటకు "అండీ" చాలు, ఆ ప్రమాదం ఉండదు. గొంతు పోల్చుకున్నాక, కంగారులో ఉన్న తల్లితో "అమ్మా, మీరు కంగారుపడకండి" అంటే దగ్గరితనం వస్తుంది. అదే "అమ్మా"ను విసుగ్గా సాగదీసి "ఆగండమ్మాఆ" అంటే అంతకుమించిన అవమానం లేదు.

మూడు సెకన్ల మర్యాదను చెడగొట్టేది చాలాసార్లు దాని తర్వాత వచ్చే "ఒక్క నిమిషం లైన్లో ఉండండి". ఒక సందర్భం తీసుకుందాం. సాయంత్రం ఆరున్నర. ఏడాదిన్నర పాపకు జ్వరం, తల్లి ఫోన్ చేసింది. రిసెప్షన్‌లో "నమస్తే అండీ, క్లినిక్, ఒక్క నిమిషం" అని ఫోన్ బల్ల మీద పెట్టేశారు. ఎదురుగా ఒకాయన చిల్లర కోసం నిలబడ్డాడు, లోపల నుంచి బెల్ మోగింది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ తల్లికి హాల్లో గోల, టోకెన్ నంబర్లు, నవ్వులు అన్నీ వినపడుతున్నాయి. ఆమెకు కలిగే అభిప్రాయం "వీళ్లు బిజీ" అని కాదు, "నన్ను మర్చిపోయారు" అని. ఆ పాపకు ఫిట్స్ వస్తుంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ. అందులో నాలుగు ఫోన్ బల్ల మీదే గడిచిపోయాయి.

దీనికి కొందరు "అర్జెంటా అండీ?" అని అడగడం నేర్పుతారు. ఏమీ అడగకపోవడం కంటే మేలే. కానీ ఏ తల్లికి తన బిడ్డ జ్వరం అర్జెంటు కాదు? అందరూ అవుననే అంటారు. దానికంటే పేర్లు పెట్టి అడగడం మంచిది: "పాపకి ఫిట్స్ గానీ, ఊపిరాడకపోవడం గానీ, లేపినా లేవకపోవడం గానీ ఉందా? పాలు, నీళ్లు తాగుతోందా?" తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం పిల్లల్లో ప్రమాద సూచనలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవే. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం ఉందంటే, ఇంకేమీ లేకపోయినా వెంటనే చూపించాలి. వీటిలో ఏది ఉన్నా హోల్డ్ లేదు, టోకెన్ లేదు. డాక్టర్ గారికి చెప్పడం, దూరంగా ఉంటే 108కి చేయమనడం. మందు పేరు, డోసు మాత్రం రిసెప్షన్ నుంచి చెప్పకూడదు, ఎంత సీనియర్ అయినా సరే.

అవేవీ లేకపోతే హోల్డ్ పెట్టాలా, తిరిగి ఫోన్ చేయాలా? నేను రెండోదాని వైపే. "పది నిమిషాల్లో ఈ నంబర్‌కి నేనే చేస్తాను" అని నోట్‌బుక్‌లో నంబర్, పాప పేరు, టైము రాసుకుంటే తల్లి ఫోన్ పట్టుకుని నిలబడనక్కర్లేదు. షరతు ఒక్కటే, పదిహేనో నిమిషానికైనా ఆ ఫోన్ వెళ్లాలి. చేస్తామని చేయని క్లినిక్‌లో దీనికంటే హోల్డే నయం, కనీసం మోసపోయినట్టు ఉండదు. నోట్‌బుక్ నిర్వహించడం కుదరని చోట "ఏడున్నరకి మళ్లీ చేయండమ్మా, అప్పటికి రద్దీ తగ్గుతుంది" అని నిజం చెప్పేయడం మంచిది.

తిరిగి చేసేటప్పుడు మాత్రం పలకరింపు వరుస మారుతుంది. బయటి నుంచి వచ్చిన కాల్‌కు క్లినిక్ పేరు ముందు చెప్పాలన్నాను. మనం చేసే కాల్‌లో అవతల ఎత్తింది ఎవరో తెలిసేదాకా చెప్పకూడదు. పిల్లల క్లినిక్‌లో ఇది పెద్ద పట్టింపు కాకపోవచ్చు. గైనకాలజీ, చర్మవ్యాధులు, మానసిక వైద్యం చూసే చోట ఇది చాలా ముఖ్యం. ఇంట్లో అందరూ వాడే ఫోన్‌ను అత్తగారు ఎత్తుతుంది. "ఫలానా గైనిక్ క్లినిక్ నుంచి, మీ కోడలి రిపోర్ట్ వచ్చింది" అంటే ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఏమవుతుందో మనకు తెలియదు. "ఫలానా గారు ఉన్నారా అండీ?" అని అడిగి, ఆమె వచ్చాకే మిగతాది చెప్పాలి. లేకపోతే "మళ్లీ చేస్తాను" అంతే. స్క్రీన్ మీద సేవ్ చేసిన పేరు చూసి "చెప్పండి లక్ష్మి గారూ" అని పలకరించడం కూడా ఇలాంటిదే. వింటే ముచ్చటగా ఉంటుంది గానీ ఆ ఫోన్ భర్త చేతిలో ఉండొచ్చు. హాల్లో కూర్చున్న పాతికమందికి ఆ పేరు వినపడుతుంది కూడా.

చివరిది, మధ్యాహ్నం ఓపీ అయ్యాక క్లినిక్ మూసి ఉండే వేళ. చాలాచోట్ల ఆ ఫోన్ రిసెప్షనిస్టుతో పాటే ఇంటికి వెళుతుంది. అన్నం తింటూ ఎత్తి "డాక్టర్ లేరు" అని పెట్టేయడం ఒక పద్ధతి, అసలు ఎత్తకపోవడం ఇంకొకటి. రెండింటికంటే "డాక్టర్ గారు ఐదున్నరకి వస్తారండీ, టోకెన్లు ఐదింటి నుంచి ఇస్తాం" అన్న ఒక్క వాక్యం నయం. అదీ వీలుకాని చోట ఫోన్ ఆపేసి, ఓపీ వేళలూ, 108 నంబరూ ఓపీ చీటీ వెనక పెద్ద అక్షరాలతో అచ్చు వేయిస్తే సరిపోతుంది.