వాట్సాప్ ఫోటోలతో పెళ్లి ఆల్బమ్: ఒడిశాలోని రాయగడలో కొన్నేళ్లు వాడాక

ఫోన్లోని ఫోటోలు ఎక్కిస్తే ఆల్బమ్‌గా అచ్చేసి ఇంటికి పంపే ఫోటోబుక్ యాప్‌ల మీద కనిపించే రివ్యూలు చాలావరకు పార్శిల్ విప్పిన రోజున రాసినవే. ఆ రోజు ఏ ఆల్బమైనా బాగానే ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు మూడు వేర్వేరు యాప్‌ల నుంచి తెప్పించినవి ఉన్నాయి, పెళ్లిళ్లవి, మజ్జిగౌరమ్మ జాతరవి, గుణుపురం రథయాత్రవి. వానాకాలాలు బీరువాలో గడిపి, చుట్టాలందరి చేతులూ తిరిగాక అవి ఎలా ఉన్నాయో చెప్తాను. కంపెనీల పేర్లు రాయను, ఎందుకంటే తేడా కంపెనీలో కన్నా మనం ఎక్కించే ఫోటోలోనే ఎక్కువ ఉంటుంది.

స్టూడియోవాళ్లు ఇచ్చే కరిజ్మా ఆల్బమ్‌కి ఇది బదులు కాదు, ముందే చెప్తున్నా. స్టూడియో అతను తీయనివి, అంటే పసుపు దంచడం, వంటశాల దగ్గర పెద్దమ్మల కబుర్లు, బస్సులో నిద్రపోయిన పిల్లలు, ఇలాంటివన్నీ మన ఫోన్లలోనే ఉంటాయి, వాటికి ఈ యాప్‌లు బాగా పనికొస్తాయి. ఇబ్బంది ఏంటంటే ఆ ఫోటోలు పది మంది ఫోన్లలో ఉంటాయి, మన దగ్గరికి వచ్చేది ఫ్యామిలీ గ్రూపులో నుంచి.

మా పిన్ని కూతురి పెళ్లి గుణుపురంలో జరిగింది, రాత్రి ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని మా బావ ఫోన్లో అద్భుతంగా పట్టుకున్నాడు, అది గ్రూపులోకి వచ్చింది, అందరూ దండాలూ గుండెలూ పెట్టారు. దాన్ని 12 అంగుళాల చదరపు బుక్‌లో పెడదామని యాప్‌లో ఎక్కిస్తే, అది తనంతట తానే రెండు పేజీల మీదా పరిచేసి పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం పెట్టింది. వివరాల్లో చూస్తే ఆ ఫోటో 1600 x 1200 పిక్సెళ్లు. వాట్సాప్ మామూలుగా పంపితే పెద్ద ఫోటోలను దాదాపు ఆ సైజుకి కుదించేస్తుంది. 24 అంగుళాల వెడల్పుకి 1600 పంచితే అంగుళానికి 67 పిక్సెళ్లు కూడా రావు. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అంగుళానికి 300 ఉంటే మంచిది, 200 ఉన్నా ఎవరూ పట్టుకోలేరు, 150 కిందికి దిగితే పట్టుచీర అంచు జరీ కాస్తా ముద్దగా అయిపోతుంది. ఫోన్ తెర చిన్నది కాబట్టి అక్కడ ఇదేమీ కనపడదు, అందుకే అందరూ మోసపోతారు.

బావకి ఫోన్ చేసి, "బావా, ఆ ఫోటో డాక్యుమెంట్‌గా పంపు, ఫోటోగా కాదు" అన్నాను. "ఏంటమ్మా, పంపిందేగా మళ్లీ" అన్నాడు, అయినా పంపాడు. వాట్సాప్‌లోనే డాక్యుమెంట్ ఎంచుకుని పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. హెచ్‌డీ అని ఒక బటన్ ఉంది కదా, అది మామూలు కన్నా నయం, కానీ అందులోనూ కుదింపు ఉంటుంది. అసలు ఫోటో 4000 x 3000 వచ్చింది.

అయినా రెండు పేజీల మీద పరచలేదు. 24కి 12 అంటే వెడల్పు ఎత్తుకి రెట్టింపు. ఫోన్ ఫోటో అంత సాగదు కాబట్టి పైనా కిందా కలిపి మూడో వంతు కోసేస్తుంది, అంటే పెళ్లికొడుకు తల మీద పెట్టిన చెయ్యి సగం పోతుంది. పైగా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉంటే సరిగ్గా వాళ్ల చేతులు కలిసే చోటే బుక్ మడత పడుతుంది. ఒకే పేజీలో చదరంగా పెడితే 3000 పిక్సెళ్లు 12 అంగుళాలకి, అంటే అంగుళానికి 250. అలాగే వేయించాం, ఇప్పటికీ ఆ బుక్‌లో అందరూ ఆగి చూసే పేజీ అదే. ఒకవేళ అసలు ఫైలు దొరక్కపోయి ఉంటే, ఆ 1600 దాన్ని ఆరు అంగుళాల వెడల్పుతో పక్కన పెట్టి చుట్టూ తెల్లగా వదిలేసేదాన్ని, చాలా నీట్‌గా వస్తుంది. చిన్నగా పెట్టడానికి జనం ఎందుకో ఒప్పుకోరు.

ఇంకో సంగతి, యాప్ హెచ్చరిక పిక్సెళ్లు తక్కువైతేనే వస్తుంది. కదిలిపోయిన ఫోటోకి రాదు. ఎడిటింగ్ యాప్‌లో సైజు పెంచిన ఫోటోకీ రాదు. అందుకే హెచ్చరిక లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి, ముఖం మీద పెద్దది చేసి చూడండి, కనురెప్పలు విడివిడిగా కనిపిస్తే చాలు.

వాట్సాప్ గ్రూపులో నుంచి తీసుకున్న ఫోటోలతో వచ్చే మరో తలనొప్పి వరుస. ఫోటో ఎప్పుడు తీశారన్న సమాచారం వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు పోతుంది, అప్పుడు యాప్ మన ఫోన్‌కి చేరిన సమయాన్నే తేదీ అనుకుంటుంది. ఆటోమేటిక్‌గా సర్దమంటే మాకు అప్పగింతలు అయిపోయాక స్నాతకం వచ్చింది! పేజీలు మీరే పేర్చుకోండి, ఒక సాయంత్రం పోతుంది కానీ పిన్ని పక్కన కూర్చుంటే ఎవరు ఎవరో కూడా తెలుస్తుంది.

రాత్రి పెళ్లి కాబట్టి వెలుతురు గురించి కూడా చెప్పాలి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం వెలగదు, కాబట్టి ఫోన్లో సరిపోయిన ఫోటో ఆల్బమ్‌లో ఒక మెట్టు చీకటిగా వస్తుంది. ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి చూడండి, ముఖాలు మసగ్గా అనిపిస్తే కాస్త పెంచండి. యాప్‌లో ఉండే ఆటో ఎన్‌హాన్స్ మాత్రం ఆపేయండి, పసుపు రాసిన ముఖాలని అది నారింజ చేస్తుంది.

అక్షరాలు. పెళ్లికొడుకు వాళ్లు జయపురం ఒడియావాళ్లు, అందుకే పేర్లు రెండు లిపుల్లోనూ వేయాలనుకున్నాం. యాప్ ప్రివ్యూలో రెండూ చక్కగా కనిపించాయి. అచ్చులో "లక్ష్మి" వత్తులు విడిపోయి ల, క్, ష్, మి అని వరసగా నిలబడింది, ఒడియా కూడా అంతే. ప్రివ్యూ మన ఫోన్ ఫాంట్‌తో చూపిస్తుంది, అచ్చుకి వెళ్లే ఫైలు వాళ్ల సర్వర్‌లో తయారవుతుంది, అక్కడి సాఫ్ట్‌వేర్‌కి వత్తులు కలపడం రాకపోతే ఇలా అవుతుంది. కస్టమర్ కేర్ అమ్మాయి "మేడమ్, ప్రివ్యూలో బాగానే ఉంది కదా" అని అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, తర్వాతి ఆర్డర్‌కి కూపన్ ఇచ్చారు. అప్పటి నుంచి పేర్లు విడిగా పెద్ద సైజులో రాసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, ఫోటోలాగే పేజీలో పెడుతున్నాను. బొమ్మని ఏ సర్వరూ విడగొట్టలేదు.

ఇక మన్నిక. జిగురుతో అతికించిన మామూలు బైండింగ్ బుక్‌లో మధ్య సెంటీమీటరు మడతలోకి పోతుంది, బలవంతంగా పరిచి చూసే పెద్దవాళ్ల చేతిలో పడితే రెండో ఏడాదికే పేజీలు ఊడతాయి. మాది ఊడింది. పేజీలు మడతలోకి పోకుండా పూర్తిగా పరుచుకునే లే ఫ్లాట్ రకం ధర ఎక్కువే, కానీ పెళ్లికి అదే తీసుకోండి. మా వైపు వానాకాలం చెమ్మకి గ్లాసీ ఫోటో పేపర్ పేజీలు ఒకదానికొకటి అంటుకుంటాయి, మ్యాట్ నయం. అంటుకున్నవాటిని లాగకండి, రంగు ఊడి అవతలి పేజీకి పోతుంది.

డెలివరీ రాయగడ టౌన్‌లో ఇంటికే తెస్తారు. బిసంకటక్, కాశీపూర్ వైపు ఊళ్లలో ఉన్న మా చుట్టాలకైతే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమంటాడు, అందుకని వాళ్లవి కూడా నా అడ్రసుకే వేయిస్తాను. పెట్టె మూల నొక్కుకుని ఉంటే విప్పేటప్పుడు వీడియో తీయండి, ఫిర్యాదుకి కొద్ది రోజులే గడువు ఇస్తారు. సగం ధర ఆఫర్లు ఏడాదంతా ఉంటాయి, వాటికోసం తొందరపడక్కర్లేదు, అదనపు పేజీలూ డెలివరీ చార్జీ కలిపాక చివర్లో వచ్చే మొత్తాన్నే పోల్చండి. దసరా ముందు మాత్రం ఆర్డర్ పెట్టకండి, అప్పుడు రద్దీకి ఆలస్యం మామూలే.