డెలివరీ ఆలస్యానికి క్షమాపణ: పేజీలో ఒకే పోస్టా, ఎవరి మెసేజ్ వాళ్లకా? ఏది మేలు?

వందల ఆర్డర్లు ఒకేసారి ఆగిపోతే ఆన్‌లైన్ దుకాణదారుకి రెండు దారులుంటాయి. అందరికీ కనిపించేలా పేజీలో ఒక క్షమాపణ పోస్ట్ పెట్టడం ఒకటి, ఆగిన ప్రతి ఆర్డరుకీ విడిగా మెసేజ్ పంపడం మరొకటి. పోస్ట్ పది నిమిషాల పని కాబట్టి చాలామంది దానితోనే మొదలుపెడతారు. మా లెక్కలో మెసేజ్ ముందు వెళ్లాలి, పోస్ట్ దాని వెనకే రావాలి. ఎందుకో ఒక ఉదాహరణ మీద చూద్దాం.

ఈరోజు 12వ తేదీ అనుకోండి. కొరియర్ వాళ్ల సార్టింగ్ కేంద్రం పనిచేయక 3 నుంచి 11 వరకూ వచ్చిన 420 ఆర్డర్లు ఆగాయి. అందులో 130 పార్సిళ్లు ఆ కేంద్రంలోనే ఇరుక్కున్నాయి. మిగతా 290 లేబుల్ వేసుకుని మీ దుకాణంలోనే ఉన్నాయి. వాటిలో 30 పుట్టినరోజు, పెళ్లి లాంటి తేదీకి అందాల్సినవి. మీరు మరో కొరియర్‌ని మాట్లాడుకున్నారు. పాత లేబుళ్లు తీసి కొత్తవి వేసి పంపాలంటే రోజుకి 60 కంటే ఎక్కువ కావు.

ముందు పోస్ట్ సంగతి. పేజీని అనుసరించే వాళ్లలో కొందరికే ఏ పోస్టయినా కనిపిస్తుంది. ప్రకటన చూసో, వెతుక్కుంటూ వచ్చో కొన్నవాళ్లు అసలు పేజీని అనుసరించకపోవచ్చు. కాబట్టి 420 మందిలో ఎంతమంది చూశారో మీకు తెలియదు. మరోవైపు, ఏ ఇబ్బందీ లేని వాళ్లు చూసి “నాది కూడా ఆగిందా?” అని అడుగుతారు. “కొన్ని ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి” అన్న వాక్యమే ఈ ప్రశ్నలకి మూలం. ఆ “కొన్ని” ఏవో చెప్పకపోతే జవాబు రాసే పని మీదే అవుతుంది, అదీ ఒక్కొక్కరికీ.

మెసేజ్‌కి ఈ చిక్కు లేదు. పైగా 420 మందికీ చెప్పాల్సింది ఒకటే కాదు, అసలు తేడా అక్కడే ఉంది.

దుకాణంలో ఉన్న 290 మీ చేతిలో ఉన్నవి, వాటికి తేదీ ఇవ్వొచ్చు. రోజుకి 60 చొప్పున 13న మొదలుపెడితే 17తో అయిపోతాయి. ఒక రోజు వెసులుబాటు పెట్టుకుని “18లోగా పంపుతాం” అనండి. కొత్త కొరియర్‌కి 3 నుంచి 5 రోజులు పడితే “23లోగా అందుతుంది”. మధ్యలో వచ్చే కొత్త ఆర్డర్లు వీటి వెనక వరుసలోకి వెళ్లాలి, లేకపోతే ఈ లెక్క నిలవదు. తేదీకి అందాల్సిన 30 మాత్రం 13వ తేదీనే వెళ్లాలి. అప్పటికీ సమయానికి చేరవనిపిస్తే వాళ్లకి ఫోన్ చేయండి, మెసేజ్ సరిపోదు.

ఈ 290 మందికి తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది: పాత ట్రాకింగ్ నంబర్ ఇక పనిచేయదు. పాత లేబుల్ రద్దయినా కొనుగోలుదారు తెర మీద “లేబుల్ తయారైంది” దగ్గరే ఆగి కనిపించవచ్చు. పార్సిల్ బయల్దేరాక కూడా అది చూసి “నాది ఇంకా కదల్లేదు” అని రెండోసారి కోపం తెచ్చుకుంటారు. ఆ కోపంలో వాళ్ల తప్పేమీ లేదు.

ఇరుక్కున్న 130 సంగతి వేరు. అవి ఎప్పుడు కదులుతాయో మీకు తెలియదు, కాబట్టి అందే తేదీ చెప్పకూడదు. చెప్పి తప్పితే రెండో క్షమాపణకి విలువ ఉండదు. ఇక్కడ మీరు ఇవ్వగలిగింది నిర్ణయ తేదీ: “18లోగా కదలకపోతే మీ ఇష్టప్రకారం మరొకటి పంపుతాం, లేదా డబ్బు వెనక్కిస్తాం.” రెండోది పంపాక మొదటిది కూడా చేరే అవకాశం ఉంది. అప్పుడు ఏం చేయాలో, తిరిగి పంపే ఖర్చు ఎవరిదో అదే మెసేజ్‌లో రాసేస్తే తర్వాత గొడవ రాదు.

మెసేజ్‌లోనూ తప్పులు జరుగుతాయి. జాబితాలో ఒక వరుస జారితే ఒకరి పేరుకి ఇంకొకరి ఆర్డర్ నంబర్ అతుక్కుంటుంది. అందుకే ముందు నాలుగైదు వరుసలు మీకే పంపుకుని సరిచూడండి. మెయిల్ అయితే సబ్జెక్టులో ఆర్డర్ నంబర్ ఉండాలి, జవాబు ఇస్తే మీకు చేరే చిరునామా నుంచి వెళ్లాలి. అందరినీ ఒకే మెయిల్‌లో పెట్టి పంపితే ఒకరి చిరునామాలు మరొకరికి కనిపించే ప్రమాదం ఉంది, అది ఆలస్యం కంటే పెద్ద తప్పు. విడతలుగా పంపితే జవాబులు చూసుకోవడమూ తేలిక.

అయితే మెసేజ్ ఒక్కటే చాలదు. కొన్ని స్పామ్‌లోకి పోతాయి, కొందరు చూడరు. వాళ్లు నేరుగా పేజీకి వస్తారు. అక్కడ పైన “కొత్త సరుకు వచ్చింది” అని నిన్నటి పోస్ట్ కనబడితే, డబ్బులు కట్టి ఎదురుచూస్తున్న మనిషికి ఎలా ఉంటుంది? కాబట్టి అన్నిటికంటే ముందు షెడ్యూల్ చేసిన ప్రచార పోస్టులు ఆపండి, సైటులో చూపిస్తున్న డెలివరీ గడువు మార్చండి. తర్వాత మెసేజ్‌లు, అవి వెళ్లిన గంటలోపు పోస్ట్. ఇలా వెనక వస్తే పోస్ట్ చిన్నగా ఉన్నా పనిచేస్తుంది:

“3 నుంచి 11వ తేదీ మధ్య ఆర్డర్ చేసినవాళ్లలో 420 మందికి పార్సిల్ ఆలస్యమవుతోంది. మమ్మల్ని క్షమించండి. మా కొరియర్ సార్టింగ్ కేంద్రం ఆగిపోయింది. మా దగ్గరున్నవాటిని మరో కొరియర్ ద్వారా 18లోగా పంపుతున్నాం. అక్కడ ఇరుక్కున్నవి 18లోగా కదలకపోతే మరొకటి పంపడమో, డబ్బు వెనక్కివ్వడమో మీ ఇష్టం. మీ ఆర్డర్ వివరం మీకు మెసేజ్‌లో పంపాం. రాకపోతే మాకు నేరుగా మెసేజ్ చేయండి. ఆర్డర్ నంబర్, ఫోన్ నంబర్ కామెంట్లో రాయకండి. తర్వాతి సమాచారం 15 సాయంత్రం ఇక్కడే.”

కామెంట్ల గురించిన ఆ హెచ్చరిక లాంఛనం కాదు. ఇలాంటి పోస్టుల కింద దుకాణం పేరుతో దొంగ ఖాతాలు చేరి, “రీఫండ్ ఇస్తాం” అంటూ కార్డు వివరాలు లాగుతుంటాయి. “కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం” అన్న మాట కావాలనే వాడలేదు. అన్ని ప్రకటనల్లో విని విని ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. కొరియర్ పేరెత్తి తిట్టడమూ అనవసరం, కొనుగోలుదారు డబ్బు కట్టింది మీకు. తగ్గింపు కూపన్ కూడా ఈ పోస్టులో వద్దు. మొదటి పార్సిలే చేరని మనిషికి అది ఇంకో కొనుగోలుకి పిలుపులా వినిపిస్తుంది. ఇవ్వదలిస్తే పార్సిల్ అందాక మెసేజ్‌లో ఇవ్వండి.

పోస్టే ముందు రావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఆర్డర్లన్నీ చాట్‌లో తీసుకుని, ఎవరివి ఆగాయో జాబితా తీయడానికే ఒక రోజు పట్టేలా ఉంటే ఆగకండి. పేజీ కింద ఫిర్యాదులు అప్పటికే వరుస కట్టినా అంతే. అప్పుడు ఏ తేదీల ఆర్డర్లు ఆగాయి, విడి మెసేజ్ ఎన్ని గంటలకి వస్తుంది అన్న రెండు విషయాలతో పోస్ట్ పెట్టి పైన పిన్ చేయండి. డెలివరీ తేదీ అందులో వద్దు. ఆగినవి ఇరవై లోపే అయితే పోస్ట్ అక్కర్లేదు, అందరికీ ఫోన్ చేసేయొచ్చు.

15న కొత్త సంగతేమీ లేకపోయినా పోస్ట్‌కి రెండు వాక్యాలు చేర్చండి: 290లో ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి. పాత వాక్యాలు చెరిపి దిద్దకుండా, తేదీ వేసి కిందే రాయండి. ముందు చదివినవాళ్లకి మాట మార్చారనిపించకూడదు.