రెన్యువల్ లేఖలో ‘మార్కెట్ రేటు’ అని కనిపిస్తే, సంతకానికి ముందు ఇవి చూసుకోండి

అద్దె అగ్రిమెంటు ముగిసే ముందు ఓనరు తరఫున ఒక లేఖ వస్తుంది. ఇప్పటి అద్దె 100 అయితే కొత్తది 118 అని, చుట్టుపక్కల రేట్లు ఇలాగే ఉన్నాయని, మూడు రోజుల్లో సంతకం పెట్టకపోతే ఇల్లు వేరేవాళ్ళకు చూపిస్తామని అందులో ఉంటుంది. కింద మూడు టు-లెట్ ప్రకటనలు కూడా జతచేసి ఉంటాయి. ఆధారాలు చూపించారు కదా అని చాలామంది సంతకం పెట్టేస్తారు. ఆ తర్వాత అదే బిల్డింగులో అలాంటి ఇల్లే 108కి వెళ్ళిందని తెలుస్తుంది. అప్పటికి అగ్రిమెంటు కాలమంతా 118 కట్టక తప్పదు. అలాంటి లేఖ చేతిలో ఉన్నవాళ్ళ కోసమే ఈ పోస్టు. కింది లెక్కలన్నీ ఇప్పటి అద్దెను 100 అనుకుని వేసినవి, మీ అద్దెకు తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా పాత అగ్రిమెంటు తీసి పెంపు క్లాజు చదవండి. రెన్యువల్‌కు పెంపు ఇంత శాతమని అందులో ఇప్పటికే రాసి ఉంటే బేరం అవసరమే లేదు, ఆ క్లాజు చూపిస్తే సరిపోతుంది. మీరుండే చోట అద్దె పెంపు మీద చట్టపరమైన పరిమితి ఉందా, పెంచే ముందు ఎన్నాళ్ళ నోటీసు ఇవ్వాలి అన్నవీ చూసుకోండి. మూడు రోజుల గడువు చాలాసార్లు లేఖ రాసినవాళ్ళు సొంతంగా పెట్టుకున్నదే, అగ్రిమెంటులో దాని ఊసే ఉండదు.

ఇక ఆ మూడు ప్రకటనల సంగతి. ప్రకటనలో ఉండేది ఓనరు అడుగుతున్న రేటు. ఎవరో ఒకరు సంతకం పెట్టి ఆ అద్దె కడుతున్నప్పుడే అది పోలికకు పనికొస్తుంది. మన ఉదాహరణలో ఆ మూడు ఇళ్ళ రేట్లు 120, 117, 118 అనుకుందాం. సగటు చూస్తే 118 న్యాయంగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కోటీ విప్పి చూద్దాం.

120 ఇంట్లో ఏసీలు, మంచాలు, ఫ్రిజ్ ఉన్నాయి, మీది ఖాళీ ఇల్లు. ఆ బిల్డింగులో సామాను ఉన్న ఇళ్ళకూ లేని ఇళ్ళకూ అద్దెలో తేడా 9 అయితే, మీ ఇంటితో పోల్చాల్సిన అంకె 111. ఈ తేడాను సామాను ఖరీదును బట్టి ఊహించకండి. ఒకే తరహా ఇళ్ళు రెండింటి అద్దెలు పక్కపక్కన పెట్టి తీసుకోండి. 117 ఇంట్లో మెయింటెనెన్స్ అద్దెలోనే కలిసి ఉంది. మీరు దాన్ని విడిగా 7 కడుతున్నారు కాబట్టి పోల్చాల్సింది 110. ఈ తేడా ప్రకటనలో చివరి వరుసలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలుండదు. ఫోన్ చేసి అడిగితేనే బయటపడుతుంది. మూడోది అచ్చం మీ ఇంటిలాంటిదే, అడుగుతున్నదీ 118. కానీ ఆ ప్రకటన పెట్టి రెండు నెలలు దాటింది, మొదట 125 అడిగి తర్వాత తగ్గించారు. అంటే 118 ఇచ్చేవాళ్ళు ఇంకా దొరకలేదు. ఓనరు దాన్ని తన ఆధారంగా పంపారు గానీ, నిజానికి అది మీవైపు సాక్ష్యం.

మొదటి నెల అద్దె ఉచితం అన్న ప్రకటనలూ ఉంటాయి. 12 నెలల అగ్రిమెంటులో 11 నెలలే కడితే, 118 అని రాసినా నెలకు పడేది 108 చిల్లరే. చదరపు అడుగు లెక్కతోనూ జాగ్రత్త. చిన్న ఇంటికి అడుగు ధర సాధారణంగా ఎక్కువే పలుకుతుంది. సింగిల్ బెడ్‌రూమ్ అడుగు రేటు తెచ్చి మీ మూడు బెడ్‌రూమ్‌ల ఇంటికి అంటిస్తే అంకె ఉబ్బిపోతుంది. పడకగదుల సంఖ్య ఒకటే అయినప్పుడే పోల్చండి.

తర్వాత మీరు వెతకాల్సింది కుదిరిపోయిన అద్దెలు. గత ఆరు నెలల్లో అదే బిల్డింగులోకి వచ్చినవాళ్ళను, వాచ్‌మన్‌ను, అసోసియేషన్ వాళ్ళను అడిగితే రెండు మూడు దొరుకుతాయి. ఒకటి 108కి కుదిరింది. ఇంకొకటి 106, కానీ దాని వంటగది పాతది, ఆ లోటుకు 2 కలిపితే అదీ 108. సరిదిద్దిన ప్రకటనలు 110, 111. అన్నీ కలిపి చూస్తే కొత్తగా వచ్చేవారు ఈ ఇంటికి ఇచ్చేది 109 దగ్గర. లేఖలోని 118కీ దీనికీ ఎంత దూరమో చూడండి.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, సరే 109 ఇస్తాం అంటారు. అది తొందరపాటు. 109 అన్నది కొత్త అద్దెదారు ఇచ్చే రేటు. ఆ కొత్త మనిషిని తెచ్చుకోవడానికి ఓనరుకు ఖర్చవుతుంది. మీరు ఖాళీ చేశాక ఇల్లు నెలన్నర ఖాళీగా ఉంటే పోయే అద్దె 163. ఆ నెలన్నర మెయింటెనెన్స్ ఓనరే కట్టుకోవాలి, అది 10. పెయింటింగ్, క్లీనింగ్, చిల్లర రిపేర్లకు 40. బ్రోకర్‌కు సగం నెల కమిషన్ 54. మొత్తం దాదాపు 268. కొత్తవాళ్ళు రెండేళ్ళు ఉంటారనుకుంటే నెలకు 11 చొప్పున పడుతుంది. 109లోంచి ఆ 11 తీసేస్తే మిగిలేది 98. అంటే మీరు 98 కట్టినా, మిమ్మల్ని పంపి 109కి వేరేవాళ్ళను తెచ్చుకున్నా, ఓనరు చేతికి వచ్చేది ఒకటే.

ఈ లెక్కలో అందరూ తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి, ఖర్చునంతా 12 నెలల మీదే వేసి ఓనరు నష్టాన్ని రెట్టింపు చేసి చూపించడం. ఆ ఇంట్లో ఇదివరకటివాళ్ళు ఎన్నాళ్ళు ఉన్నారో కనుక్కుని ఆ నెలల మీద పంచండి. రెండోది ఖాళీ కాలాన్ని ఊహించడం. మీ ఇంటిలాంటి ప్రకటనల్ని నాలుగైదు వారాలు వరసగా గమనించి ఏది ఎప్పుడు మాయమైందో రాసుకోండి. అవి రెండు వారాల్లో పోతుంటే ఖాళీ ఖర్చు సగం నెలే. అప్పుడు మొత్తం 152కి దిగుతుంది, ఓనరు కనీస అంకె 98 నుంచి 103కి పెరుగుతుంది. గిరాకీ బాగా ఉన్న చోట నెలన్నర అని వాదిస్తే ఓనరు నవ్వి ఊరుకుంటారు, మీ మిగతా లెక్కలనూ నమ్మరు.

మీవైపు కూడా ఇదే లెక్క ఉంది. దీన్ని వేసుకోకుండా బేరానికి కూర్చోకండి. ఇల్లు మారితే బ్రోకర్‌కు 54, సామాన్ల తరలింపుకు 30, రెండిళ్ళకూ ఒకేసారి అద్దె పడే రెండు వారాలకు మరో 54. మొత్తం 138, రెండేళ్ళ మీద నెలకు 6 లోపే. కాబట్టి 109కి ఇంకో ఇల్లు దొరికేటప్పుడు, ఇక్కడే ఉండటానికి మీరు ఇవ్వగల గరిష్ఠం 115. పిల్లల బడి దగ్గరగా ఉండటం లాంటివి మీకు మాత్రమే తెలిసిన విలువలు. వాటిని మనసులో ఉంచుకోండి గానీ బేరంలో నోరు జారవద్దు. ఇల్లు మారడం మీకు కష్టమని పసిగట్టినప్పుడే ఓనర్లు మార్కెట్‌ను దాటి అడుగుతారు. 118 ఈ గరిష్ఠాన్ని కూడా దాటింది కాబట్టి మారిపోవడమే మేలనిపించే అంకె అది.

ఇప్పుడు చేతిలో రెండు హద్దులు ఉన్నాయి, 98 నుంచి 115 వరకు. మధ్యలో పడేది 106, 107. గిరాకీ ఉన్న చోటైతే 103కీ 115కీ మధ్య, అంటే 109. న్యాయమైన అంకె ఈ చుట్టుపక్కలే ఉంటుంది. మధ్య నుంచి కిందికి జరగడానికి పనికొచ్చేది మీ అద్దె చరిత్ర.

చరిత్ర అంటే మేం మంచివాళ్ళం అని చెప్పుకోవడం కాదు. బ్యాంకు స్టేట్‌మెంటులోంచి 24 నెలల అద్దె బదిలీలు తేదీలతో ఒక పేజీలో తీసి పెట్టండి. ఏ నెలైనా ఆలస్యం జరిగి ఉంటే ఆ వరుస దాచకండి, కారణం పక్కన రాయండి. అవే తేదీలు ఓనరు బ్యాంకు స్టేట్‌మెంటులోనూ ఉంటాయి. మీ ఖర్చుతో చేయించుకున్న రిపేర్ల బిల్లులు, అసోసియేషన్ నుంచి ఫిర్యాదులేవీ లేవన్న సంగతి జతచేయండి. కొత్తవాళ్ళు రెండు నెలలు అద్దె ఎగ్గొడితే ఓనరుకు పోయేది 218. మీతో ఆ భయం లేదని ఆ కాగితం చూపిస్తుంది. దానికి రెండేళ్ళు ఉంటామన్న హామీ, పెయింటింగ్ అడగబోమన్న మాట తోడైతే ఓనరుకు నిజంగా డబ్బు మిగులుతుంది.

రాసేటప్పుడు సూటిగా రాయండి. “ఓనరు గారూ, మీరు పంపిన మూడు ఇళ్ళలో ఒకటి సామానుతో ఉంది, ఒకటి మెయింటెనెన్స్ కలిపిన రేటు, మూడోది రెండు నెలలుగా ఖాళీగానే ఉంది. మన బిల్డింగులో ఈ ఆరు నెలల్లో కుదిరినవి 106, 108. మేము మొదటి ఏడాది 104, రెండో ఏడాది 108 చొప్పున రెండేళ్ళకు సంతకం పెడతాం, పెయింటింగ్ అడగం. అద్దె చెల్లింపుల వివరం జతచేశాను.” ఖాళీ ఖర్చు లెక్కను మొదటి లేఖలోనే పెట్టకండి, అది బెదిరింపులా వినిపిస్తుంది. ఓనరు 118 దగ్గరే కదలకుండా ఉంటే అప్పుడు తీయండి. ఖాళీ చేస్తామని ఉత్తుత్తి నోటీసు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. రాతపూర్వకంగా ఇచ్చిన నోటీసుకు గడువు మొదలవుతుంది, వెనక్కి తీసుకోవాలంటే ఓనరు ఒప్పుకోవాల్సిందే.

లేఖ పంపింది ఓనరా, ఏజెంటా అన్నదీ చూడండి. కొత్తవాళ్ళను తెస్తే కమిషన్ వచ్చి, రెన్యువల్‌కు ఏమీ రాని ఏజెంటుకు మీరు వెళ్ళిపోవడమే లాభం. ఖాళీ నెలల నష్టం ఆయనది కాదు. అలాంటప్పుడు జవాబు కాపీ నేరుగా ఓనరుకు పంపాలి.

అంకె కుదిరాక కూడా మోసం జరిగేది కొత్త అగ్రిమెంటు ప్రతిలో. అద్దె 106 అని ఒప్పుకుని, ఇదివరకు అద్దెలోనే ఉన్న పార్కింగ్‌ను 5కి విడిగా రాస్తారు, మీరు కట్టేది 111 అవుతుంది. అడ్వాన్సు మూడు నెలల అద్దె అయితే, 6 పెరిగినందుకు అదనంగా 18 అడుగుతారు. దాన్ని పాత మొత్తంతోనే కొనసాగించమని బేరంలో భాగంగా ముందే అడగాలి. పాత అడ్వాన్సు ఎంత, ఎప్పుడు కట్టారు, అదే కొత్త అగ్రిమెంటుకు కొనసాగుతుంది అన్న వాక్యం కొత్త ప్రతిలో ఉండాలి. ఇంట్లో ఇప్పటికే ఉన్న మరకలు, పగుళ్ళ ఫొటోలు సంతకం రోజునే ఓనరుకు పంపి ఉంచండి. పెయింటింగ్ వద్దన్నారు కాబట్టి, ఖాళీ చేసే రోజున ఆ గోడల ఖర్చును మీ అడ్వాన్సులోంచే కోయాలని చూస్తారు.